పది నిమిషాల నడకతో గుబులు తగ్గుతుందా? దిగులు పోతుందా? – తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నుంచి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ గుబులు అంటే రోజువారీ కంగారు: గుండె దడ, కడుపులో తిప్పినట్టు ఉండటం, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం. దిగులు అంటే మనసు బరువుగా ఉండటం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. ఈ రెండూ తరచు కలిసే వస్తాయి గానీ వ్యాయామానికి ఒకేలా స్పందించవు.

## మొదలుపెట్టక ముందు

పది నిమిషాలు నడిస్తే నిజంగా తగ్గుతుందా, ఊరికే చెబుతారా?

కొంత తగ్గుతుంది, కొంతసేపు తగ్గుతుంది. మీ గుబులుకు పదికి ఎంత మార్కు ఇస్తారో నడకకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అనుకోండి. ఆరు ఉన్నది నాలుగుకు వస్తే నడక బాగా పనిచేసినట్టే. సున్నాకు రావాలని చూస్తే మాత్రం రోజూ నిరాశే మిగులుతుంది. ఆ తేలిక సాధారణంగా గంట, రెండు గంటలు ఉంటుంది. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ థేయర్ పది నిమిషాల చురుకైన నడకను, తీపి తినడాన్ని పోల్చి చూశారు. నడిచినప్పుడు ఓపిక పెరిగి మనసులో బిగుతు తగ్గింది. తీపి తిన్నప్పుడు మొదట ఉత్సాహం వచ్చినా, గంట తిరిగేసరికి అలసట, బిగుతు రెండూ పెరిగాయి. అందులో పాల్గొన్నది 18 మందే కాబట్టి దాన్ని ఆఖరి మాట అనలేం. తర్వాత జరిగిన అధ్యయనాల్లోనూ దిశ మాత్రం అదే: ఓ మోస్తరు మేలు, కొద్దిసేపు.

గుబులుకూ దిగులుకూ ఒకే లెక్కా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గుబులు ఆ గంటలోనే దిగడం కనిపిస్తుంది. దిగులు అలా కాదు. నడిచి వచ్చాక కాస్త తెరిపిగా అనిపించినా, మర్నాడు పొద్దున లేచేసరికి అదే బరువు ఉండొచ్చు. దిగులు విషయంలో మార్పు వారాల మీద తెలుస్తుంది, అదీ క్రమం తప్పకుండా చేస్తేనే. 1999లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ బ్లూమెంథాల్ బృందం డిప్రెషన్ ఉన్న యాభై దాటిన 156 మందిని పరిశీలించింది. 16 వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ళు, మందు వాడినవాళ్ళు దాదాపు ఒకే స్థాయికి కోలుకున్నారు. మొదటి వారాల్లో మాత్రం మందే త్వరగా పనిచేసింది. పైగా అక్కడ చేయించింది వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంట, పక్కన పర్యవేక్షణతో. పది నిమిషాల నడకకు ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు.

అరగంట లేనిదే లాభం లేదంటారు కదండీ?

ఆ మాట పాతబడింది. ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలనే నియమం ఉండేది. 2020 సూచనల్లో దాన్ని తీసేశారు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం అన్నది ఆ సూచనల్లోని లెక్క, దాన్ని ఎన్ని ముక్కలు చేసుకున్నా ఫరవాలేదు.

ముందు డాక్టరును అడగాలా?

ఇప్పటికే రోజూ బజారుకు నడిచి వెళ్ళొచ్చే మనిషి అయితే పది నిమిషాల నడకకు అక్కర్లేదు. నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తున్నా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినా, ఈమధ్య స్టెంట్ పడినా, బీపీ అదుపులో లేకపోయినా ముందు అడగండి. షుగరుకు ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినా చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. అచ్చం గుబులులాగే ఉంటుంది. అలాంటప్పుడు నడకకు బయలుదేరకుండా ముందు షుగర్ చూసుకోండి. చూసే వీలు లేకపోతే తీపి ఏదైనా తీసుకుని కూర్చోండి.

## ఆ పది నిమిషాలు

సరిగ్గా ఏం చేయాలి? ఎంత వేగం?

మొదటి రెండు నిమిషాలు మామూలు నడక. తర్వాత ఆరు నిమిషాలు చురుగ్గా. చివరి రెండు నిమిషాలు మళ్ళీ నెమ్మదిగా. చురుగ్గా అంటే పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి చాలకూడదు. ఈ కొలత ఏ వాచీకీ తీసిపోదు. లెక్క కావాలంటే పదిహేను సెకన్లలో పాతిక అడుగులు పడాలి, అంటే నిమిషానికి వంద.

ఆగకుండా నడవగలిగే చోటు చూసుకోవడం ముఖ్యం. సాయంత్రం బ్రాడీపేట లైన్లలోనో బీసెంట్ రోడ్డులోనో నడిస్తే ప్రతి అర నిమిషానికీ ఎవరికో, ఏదో బండికో దారి ఇవ్వాలి. వేగం నిలవదు, చిరాకు ఒకటి తోడవుతుంది. అపార్ట్‌మెంటు చుట్టూ తిరగడం, డాబా మీద నడవడం, కాలేజీ మైదానం మేలు. ప్రకాశం బ్యారేజి ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 1,220 మీటర్లు. చురుగ్గా నడిచేవాళ్ళకు పదమూడు నుంచి పదహారు నిమిషాలు పడుతుంది. మీకు ఇరవై పడితే అది షికారు. షికారూ మంచిదే గానీ మేం చెప్పే నడక అది కాదు.

గుండె దడగా ఉన్నప్పుడు నడిస్తే ఇంకా పెరగదా? భయమేస్తుంది.

పెరుగుతుంది. పెరిగి తగ్గుతుంది. మేలు జరిగేది అందులోనే. గుబులులో గుండె ఎందుకు కొట్టుకుంటోందో తెలియదు కాబట్టి బుర్ర దానికి "ఏదో అయిపోతోంది" అని కారణం కట్టేస్తుంది. నడకలో దడకు కారణం కళ్ళముందే ఉంటుంది: మనం వేగంగా నడిచాం, అందుకే కొట్టుకుంటోంది. వేగం తగ్గిస్తే రెండు మూడు నిమిషాల్లో నెమ్మదిస్తుంది. ఇదే పదే పదే జరిగేసరికి దడ అంటేనే ఉన్న భయం సడలుతుంది. ఉన్నట్టుండి విపరీతమైన భయం పట్టుకునే పానిక్ ఉన్నవాళ్ళకు చేసే చికిత్సలో కూడా ఇలాంటి శరీర లక్షణాలను కావాలనే, మెల్లమెల్లగా అలవాటు చేయిస్తారు.

పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, దడగా ఉందని ఒక్కసారిగా వేగం అందుకోవడం. దడ మీద ఆయాసం తోడై భయం రెట్టింపవుతుంది. రెండోది, వేగంగా నడుస్తూ ఠక్కున ఆగిపోవడం. నడుస్తున్నంతసేపూ కాలి పిక్కలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగితే రక్తం కాళ్ళలో నిలిచి, తల తేలిపోయినట్టు ఉంటుంది. గుబులు మనిషికి అది "ఎటాక్ వచ్చింది" అన్నట్టే తోస్తుంది. అందుకే చివరి రెండు నిమిషాల నెమ్మది నడక వదలకూడదు. అప్పుడు గాలి లోపలికి పీల్చిన సమయం కంటే బయటికి వదిలే సమయం ఎక్కువ ఉండేలా చూసుకోండి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, స్పృహ తప్పుతున్నట్టు ఉన్నా, విశ్రాంతి తీసుకున్నా దడ తగ్గకపోయినా, అది గుబులేనని మీకు మీరే తేల్చుకోకండి. 108కి ఫోన్ చేయండి.

మే నెలలో మా ఊళ్ళో బయట కాలు పెట్టలేం. ఇంట్లో ఎలా?

నిజమే, పెట్టకండి. బెజవాడలో, గుంటూరులో ఎండాకాలం సాయంత్రం ఐదు గంటలకు కూడా డాబా గచ్చు కాలుతూనే ఉంటుంది. ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ వేడికి వచ్చే తలనొప్పి, నీరసం, దడ మనసులోని గుబులుతో కలిసిపోయి, వ్యాయామమే పడలేదనిపిస్తుంది. పొద్దున ఏడు లోపు, లేదంటే పొద్దుపోయాక నడవండి. మధ్యలో అవసరపడితే ఫ్యాను కింద ఇలా చేయండి:

రెండు నిమిషాలు నిలబడ్డ చోటే నడక. తర్వాత కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం. ఒక నిమిషం మోకాళ్ళు కాస్త పైకెత్తుతూ ఉన్నచోటే చురుగ్గా నడక. గోడకు చేతులు ఆనించి పదిసార్లు ముందుకు వంగి లేవడం. మళ్ళీ ఒక నిమిషం నడక. కుర్చీ దగ్గర నుంచి ఈ వరస రెండుసార్లు చేసి, చివర్లో రెండు నిమిషాలు నెమ్మదిగా అడుగులు వేస్తూ ముగిస్తే సుమారు పది నిమిషాలు అవుతుంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళు కుర్చీ బదులు గుంజీలు తీయొచ్చు. బడిలో శిక్షగా తీసిన గుంజీలే ఇక్కడ తొడలకు మంచి పని.

గుంటూరులో మిర్చి యార్డు వైపు ఉండేవాళ్ళకు ఇంకో మాట. సరుకు ఎక్కువగా వచ్చే రోజుల్లో ఘాటుకు దగ్గు, ఆయాసం వస్తే అది మీ శక్తి లోపం కాదు. ఆ రోజులకు ఇంట్లోనే కానివ్వండి.

మెట్లు ఎక్కితే త్వరగా అయిపోతుంది కదా?

అవుతుంది గానీ మెట్లు చాలా త్వరగా ఆయాసం తెస్తాయి. రెండు అంతస్తులు నింపాదిగా ఎక్కి, ఒక నిమిషం వరండాలో నడిచి, మళ్ళీ ఎక్కండి. మోకాళ్ళ నొప్పులుంటే దిగేటప్పుడు లిఫ్టు వాడండి. మోకాలి మీద బరువు ఎక్కడంలో కంటే దిగడంలోనే ఎక్కువ పడుతుంది.

వేగంగా పరిగెత్తితే ఇంకా ఎక్కువ లాభం కదా?

అలవాటు లేనివాళ్ళకు కాదు. మాట కూడా రానంత ఆయాసం వచ్చే దాకా వెళితే, చేస్తున్నంతసేపూ మనసుకు బాగుండదు. ఆపాక హాయిగా ఉంటుంది నిజమే, కానీ రేపు చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తొచ్చేది ఆ బాధే. మొదటి రోజు అతిగా చేస్తే మూడో రోజుకు మానేయాలనిపించవచ్చు.

కాఫీ తాగి వెళ్ళొచ్చా?

గుబులు మనిషి అయితే కాఫీ నడక తర్వాతే మేలు. స్ట్రాంగ్ కాఫీ దడ, నడక దడ కలిస్తే ఏది ఎందుకో తెలియదు.

## దిగులుగా ఉన్న రోజు

మంచం మీద నుంచే లేవబుద్ధి కాదు. ఇక నడకేంటి?

మనసు బాగుపడ్డాక లేద్దామని చూస్తే లేవలేరు. దిగులులో వరస తిరగబడుతుంది: ముందు కాళ్ళు కదలాలి, మనసు వెనకాల వస్తుంది. అందుకని పది నిమిషాలు అనుకోవద్దు. చెప్పులు వేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి రావడం, అంతే. మూడు నిమిషాలు. అక్కడి నుంచి వెనక్కి వచ్చేసే హక్కు మీకు నిజంగా ఉండాలి. "వెళ్ళాక ఎలాగూ పదీ నడుస్తాలే" అని మనసును మోసం చేస్తే రేపు అది అసలు కదలదు.

ఎలాగూ జరిగే పనికి దీన్ని కట్టేయండి: పాల ప్యాకెట్‌కు వెళ్ళినప్పుడు, పిల్లల్ని బస్సు ఎక్కించినప్పుడు, చెత్త బండి వచ్చినప్పుడు. గేటు దాకా ఎలాగూ వచ్చారు కదా, మిగిలేది మూడు నిమిషాలే. "సాయంత్రం వీలు చూసుకుని" అన్నది దిగులు రోజున ఎప్పటికీ జరగదు.

నడుస్తున్నంతసేపూ అవే ఆలోచనలు తిరుగుతాయి. ఇంట్లో ఉన్నదానికి తేడా ఏముంది?

నెమ్మదిగా, ఒంటరిగా, తల దించుకుని నడిస్తే తేడా ఉండదు. వేగం కొంచెం పెంచండి, ఆలోచన తెగడం మొదలవుతుంది. దాంతో కూడా కాకపోతే లెక్క పెట్టండి: పాతిక అడుగులు, ఆపై నీలం రంగు గేట్లు, ఆపై మళ్ళీ అడుగులు. ఎవరైనా తోడు వస్తే ఇంకా మంచిది, ఆ పది నిమిషాలూ అదే సమస్య చెప్పుకోకుండా ఉంటే. ఫోన్ జేబులోనే ఉంచండి. వాట్సాప్ చూస్తూ నడిచేవాళ్ళ వేగం పడిపోతుంది.

మా ఇంట్లో ఎలా కుదురుతుందో ఒక లెక్క చూపిస్తారా?

ఇది లెక్క తెలియడానికి కల్పించిన ఉదాహరణ. సత్యనారాయణపురంలో 44 ఏళ్ళ గృహిణి, కొడుకు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు, వాడి పరీక్ష మార్కుల మీద ఆమెకు బెంగ. రోజూ సాయంత్రం నాలుగు దాటితే గుబులు, పొద్దున పూట దిగులు. రెండు వారాలు క్యాలెండరు మీద ముందు, తర్వాత మార్కులు రాసుకున్నారు.

మొదటి రోజు 7 నుంచి 6. వేగంగా నడుస్తూ ఫోన్ మోగిందని ఠక్కున ఆగారు, కళ్ళు తిరిగాయి. రెండో రోజు చివర నెమ్మది నడక కలిపారు, 7 నుంచి 5. మూడో రోజు చుట్టాలు వచ్చారు, కుదరలేదు. నాలుగో రోజు నాలుగున్నరకే డాబా ఎక్కారు. ఎండకు తలనొప్పి వచ్చి 6 నుంచి 6, ఏం మారలేదు. ఐదో రోజు నుంచి ఆరుంపావుకు మార్చుకున్నారు. రెండో వారంలో ఐదు రోజులు నడిచారు: 6 నుంచి 4, 7 నుంచి 5, 6 నుంచి 4, 5 నుంచి 3, 6 నుంచి 5.

ఈ మార్కుల్ని ఎలా చదవాలంటే, నడకకు ముందు అంకె పెద్దగా తగ్గలేదు. రెండో వారంలోనూ గుబులు ఆరు దగ్గరే మొదలైంది. మారింది ఏమిటంటే, దాదాపు ప్రతిసారీ రెండు మార్కులు దిగడం. రాత్రి ఎనిమిదిన్నరకు కొంత తిరిగి వచ్చేది, కానీ ఈలోపు వంట, కొడుకుతో ఫోన్ రెండూ స్థిమితంగా అయ్యాయి. పొద్దుటి దిగులులో ఏ మార్పూ లేదు. రెండు వారాలకు అది మారాలని ఆశించనూ కూడదు. ఆమె చేయాల్సిన తర్వాతి పని సాయంత్రం నడకను పెంచడం కాదు, పాల ప్యాకెట్ వేళకు ఇంకో ఐదు నిమిషాలు కలిపి మరో నెల చూడటం. కొడుకు పరీక్ష మార్కుల సంగతి ఏ నడకా తేల్చదు. ఆ మాట కొడుకుతోనే మాట్లాడాలి.

## వారాలు గడిచాక

రెండు గంటల్లో మళ్ళీ మొదటికే వచ్చింది. దండగేనా?

కాదు, దాని గడువే అంత. ఆ గడువును అవసరమైన చోట వాడుకోండి. పదకొండు గంటలకు ఇంటర్వ్యూ ఉంటే పదింటికి నడవండి. రోజూ ఒకే వేళ గుబులు వస్తుంటే దానికి పావు గంట ముందే బయలుదేరండి.

ఎండార్ఫిన్లు విడుదలై సంతోషం వస్తుందంటారు, నిజమేనా?

కథ అంత సూటిగా లేదు. రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా చేరలేవు. మెదడును తేలిగ్గా చేరగలిగే ఎండోకన్నబినాయిడ్లు అనే పదార్థాల పాత్ర మీద ఇప్పుడు ఎక్కువ దృష్టి ఉంది. పది నిమిషాలకు "ఆనంద ప్రవాహం" రాలేదని బాధపడకండి, రావాల్సింది తెరిపి మాత్రమే.

మాత్రలు వాడుతున్నాను. నడక పనిచేస్తోంది కదా, మానేయొచ్చా?

సొంతంగా మానకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కంగారు, నిద్రలేమి వస్తాయి. జబ్బు తిరగబెట్టిందని అనుకుంటారు. దడకు ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ళు నాడి లెక్కను నమ్మొద్దు. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు, నాడి చూసి ఇంకా వేగం పెంచితే అతి అవుతుంది. మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే వాళ్ళకు కొలత.

ఇది చాలదని ఎప్పుడు తెలుసుకోవాలి?

దిగులు రెండు వారాలుగా దాదాపు రోజంతా ఉంటున్నా, నిద్ర, తిండి తప్పినా, ఉద్యోగానికో కాలేజీకో వెళ్ళలేకపోతున్నా డాక్టరును కలవండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకోవడం మంచిది. ఇవి తగ్గినా మనిషి ఇలాగే నీరసపడతాడు, అప్పుడు ఎంత నడిచినా ఓపిక రాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే నడక సంగతి పక్కన పెట్టి వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికే ముంచుకొస్తుంటే 112 లేదా 108.

అమ్మ దిగులుగా ఉంటోంది. నడవమని ఎంత చెప్పినా కదలదు. ఏం చేయాలి?

చెప్పడం ఆపండి. "నువ్వు నడిస్తే కదా బాగుపడేది" అన్న మాట ఆమెకు నిందలా వినపడుతుంది. మీ చెప్పులు మీరు వేసుకుని, ఆమె చెప్పులు కూడా గుమ్మం దగ్గర పెట్టి, "అమ్మా, కొత్తిమీర తెద్దాం పద" అనండి. దారిలో ఆరోగ్యం మాట ఎత్తొద్దు. ఆమె వేగంతోనే నడవండి. మలుపు దాకా వచ్చి చాలంటే, అక్కడి నుంచే ఇద్దరూ వెనక్కి రండి.